పక్కన ఉంటే తీసివేత, ఎదురుగా ఉంటే కూడిక: స్ట్రెయిన్ గేజ్ వెనుక లెక్క

మే నెల మధ్యాహ్నం. కూకట్‌పల్లి వైపు ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఇద్దరు విద్యార్థులు ఒక ఉక్కు పట్టీ ముందు కూర్చుని తలలు పట్టుకున్నారు. రాణీగంజ్‌లో కొని కోయించుకొచ్చిన మైల్డ్ స్టీల్ ఫ్లాట్ అది. వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. ఒక చివర బల్ల అంచుకి క్లాంప్‌తో బిగించి ఉంది, రెండో చివర గాలిలో ఉంది. క్లాంప్‌కి దగ్గర్లో పట్టీ పైన సాగుదలని కొలిచే ఒక స్ట్రెయిన్ గేజ్, సరిగ్గా దాని కిందే అడుగువైపు ఇంకొకటి అంటించారు. గేజ్ నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో కిలో బరువు వేలాడదీశారు.

"సార్, ఏం చూపిస్తలేదు. బరువు పెట్టినా సున్నానే, తీసినా సున్నానే" అన్నాడు ఒకబ్బాయి. పక్కనున్న అమ్మాయి ఇంకో మాట చెప్పింది. "బరువు పెడితే కదలడం లేదు సార్, కానీ ఫ్యాన్ వేస్తే మాత్రం అంకె కదులుతోంది."

అప్పటికే వాళ్లు ఒకసారి గేజ్‌లు పీకేసి, కొత్తవి అంటించి చూశారు. గమ్ మీద అనుమానం, టంకం మీద అనుమానం, చివరికి అంకె చూపించే ఇండికేటర్ మీద కూడా. కానీ ఆ అమ్మాయి చెప్పిన మాటలోనే జవాబు ఉంది. గేజ్‌లని కలిపిన సర్క్యూట్‌ని బ్రిడ్జి అంటారు. బరువుకి కదలకుండా ఫ్యాన్‌కి కదిలే బ్రిడ్జి పాడైపోయిన బ్రిడ్జి కాదు. అది చక్కగా పనిచేస్తోంది. మనం అడగాలనుకున్న ప్రశ్నకి కాకుండా వేరే ప్రశ్నకి జవాబిస్తోంది. వీట్‌స్టోన్ బ్రిడ్జిలో అర్థం చేసుకోవాల్సిన అసలు సంగతి ఇదే కాబట్టి, ఆ పట్టీని పట్టుకునే విషయమంతా చెబుతాను.

ముందు ఆ పట్టీ నుంచి ఎంత రావాలో కాగితం మీద చూద్దాం. కొన వంగినప్పుడు పట్టీ పైభాగం సాగుతుంది, కింది భాగం కుదించుకుపోతుంది. గేజ్ ఉన్న చోట స్ట్రెస్ ఎంతో వంపు లెక్కతో తెలుస్తుంది: బెండింగ్ మూమెంట్ Mని, వెడల్పు b, మందం tల నుంచి వచ్చే సెక్షన్ మాడ్యులస్ Zతో భాగించాలి. స్ట్రెస్‌ని యంగ్ గుణకంతో భాగిస్తే స్ట్రెయిన్ వస్తుంది. ఇంటర్ పుస్తకాల్లో ప్రతిబలం, వికృతి అని చదువుకున్నవి ఇవే.

```
M = 9.81 × 0.2 = 1.962 N·m
Z = b·t²/6 = 0.025 × 0.005² / 6 = 1.042e-7 m³
stress = M / Z = 18.8 MPa
strain = 18.8 MPa / 200 GPa = 94e-6
```

అంటే 94 మైక్రోస్ట్రెయిన్. మీటరు పొడవున్న పట్టీ అంతా ఇలాగే సాగితే పెరిగే పొడవు మిల్లీమీటరులో పదో వంతు కన్నా తక్కువ. ఇంత చిన్న సాగుదలని కొలవడానికి ఉన్న చిన్న రేకు స్ట్రెయిన్ గేజ్. పల్చటి ప్లాస్టిక్ పొర మీద, ముందుకీ వెనక్కీ తిరిగే సన్నటి గీతల్లా కాన్‌స్టంటన్ అనే రాగి-నికెల్ మిశ్రమలోహపు రేకు ఉంటుంది. కింది లోహం సాగితే దానితోపాటు ఈ గీతలూ సాగుతాయి. పొడవు పెరిగి, అడ్డంగా సన్నబడి, రెసిస్టెన్స్ పెరుగుతుంది. తీగని సాగదీస్తే రెసిస్టెన్స్ మారుతుందని 1856లోనే విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరొందినాయన, చూపించాడు. ఆ తీగని వస్తువుకి అంటించి కొలవాలన్న ఆలోచన అమెరికాలో ఇద్దరికి, సిమన్స్‌కీ రూజ్‌కీ, 1938లో విడివిడిగా వచ్చింది.

స్ట్రెయిన్‌కి రెసిస్టెన్స్ ఎన్ని రెట్లు స్పందిస్తుందో చెప్పే అంకె గేజ్ ఫ్యాక్టర్. ఈ రకం గేజ్‌లకి అది 2కి అటూ ఇటూ ఉంటుంది, ప్యాకెట్ మీద ముద్రించే ఉంటుంది. మా గేజ్‌లకి 2.1, రెసిస్టెన్స్ 120 ఓమ్‌లు. 94 మైక్రోస్ట్రెయిన్‌కి 120 ఓమ్‌ల మీద వచ్చే మార్పు 0.024 ఓమ్. మామూలు మల్టీమీటర్ ఆ రేంజ్‌లో 0.1 ఓమ్ దాకా చూపిస్తుంది, అంతే. బరువు పెట్టకముందు 120.0, పెట్టాక కూడా 120.0. మీటరు ప్రోబ్‌లని కాస్త గట్టిగా నొక్కితే వచ్చే తేడా దీనికన్నా ఎక్కువ.

ఇక్కడే బ్రిడ్జి అవసరమవుతుంది. ఇద్దరు పిల్లల్లో ఎవరు వేలెడు పొడుగో చూడాలంటే మనం ఇద్దరినీ విడివిడిగా టేపుతో కొలిచి తీసివేయం. వీపుకి వీపు ఆనించి నిలబెట్టి, తలల మీద స్కేలు పెట్టి చూస్తాం. ఎత్తు మొత్తం మనకి అక్కర్లేదు, తేడా చాలు. బ్రిడ్జి చేసేది సరిగ్గా ఇదే. నాలుగు రెసిస్టెన్స్‌లని చతురస్రంలా కలుపుతారు, ఒక్కో వైపునీ ఒక భుజం అంటారు. ఎదురెదురు మూలలు రెండింటికి 5 వోల్టులు ఇస్తారు. మిగిలిన రెండు మూలల మధ్య వోల్టేజి చూస్తారు. నాలుగూ సమానమైతే ఆ రెండు మూలలూ 2.5 వోల్టుల దగ్గరే ఉంటాయి, వాటి మధ్య తేడా సున్నా. ఇప్పుడు ఒక భుజంలో ఉన్న గేజ్ 0.024 ఓమ్ పెరిగితే ఒక మూల కొద్దిగా జరుగుతుంది. ఆ జరుగుడు 0.25 మిల్లీవోల్టు. 2.5 వోల్టుల్లో అంత చిన్న మార్పుని పట్టుకోవడం కష్టం. సున్నా దగ్గర మొదలైన 0.25 మిల్లీవోల్టుని మాత్రం ఎన్ని వందల రెట్లయినా పెంచి చూసుకోవచ్చు. ఈ అమరికని 1833లో మొదట చెప్పింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ. పదేళ్ల తర్వాత, 1843లో, దాన్ని వాడుకలోకి తెచ్చిన చార్లెస్ వీట్‌స్టోన్ పేరే దానికి నిలిచిపోయింది.

చాలా పుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. చిన్న మార్పుని కొలవడానికి బ్రిడ్జి అని చెప్పి సూత్రం ఇచ్చేస్తాయి. నా దృష్టిలో అది సగం మాటే. బ్రిడ్జి కొలిచే సాధనం కన్నా ముందు కూడికలు తీసివేతలు చేసే సాధనం. భుజాలకి చుట్టూ వరసగా 1, 2, 3, 4 అని అంకెలు వేసి, ఒక్కో భుజం స్ట్రెయిన్‌ని e అని, మనం ఇచ్చే వోల్టేజిని Vex అని, బయటికి వచ్చేదాన్ని Vo అని, గేజ్ ఫ్యాక్టర్‌ని GF అని రాస్తే అది చేసే లెక్క ఇది:

```
Vo / Vex = (GF / 4) × (e1 − e2 + e3 − e4)
```

పక్కపక్క భుజాల్లో ఉన్నవాటి గుర్తులు వ్యతిరేకం, ఎదురెదురు భుజాల్లో ఉన్నవాటి గుర్తులు ఒకటే. అంటే పక్కన ఉన్నది తీసివేత, ఎదురుగా ఉన్నది కూడిక. ఏ గేజ్‌ని ఏ భుజంలో పెట్టామన్నది వైరింగ్ వివరంలా కనిపిస్తుంది కానీ, మనం పట్టీని ఏం అడుగుతున్నామో నిర్ణయించేది అదే.

ఇప్పుడు ఆ పట్టీ దగ్గరికి వద్దాం. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి నా డ్రాయర్‌లో ఎప్పుడూ ఉంటుంది. బరువు తీసేసి, ఇండికేటర్‌ని సున్నాకి సెట్ చేసి, ఆ రెసిస్టర్ రెండు కాళ్లనీ పై గేజ్ రెండు కొనలకీ ఆనించాను. 120 ఓమ్‌లకి సమాంతరంగా 100 కిలో ఓమ్‌లు చేరితే ఆ భుజం రెసిస్టెన్స్ కొద్దిగా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో కచ్చితంగా లెక్క కట్టొచ్చు. 120ని 100120తో భాగించి, గేజ్ ఫ్యాక్టర్ 2.1తో మళ్లీ భాగిస్తే 571 మైక్రోస్ట్రెయిన్ వస్తుంది. గేజ్ కుదించుకుపోతే ఎలా ఉంటుందో అలాంటి సంకేతం కాబట్టి ఇండికేటర్ −571 చూపించాలి. దాదాపు అంతే చూపించింది. తర్వాత అదే రెసిస్టర్‌ని కింది గేజ్‌కి ఆనించాను. మళ్లీ −571.

"రెండింటికీ ఒకే గుర్తు వచ్చింది, చూశారా?" అన్నాను. అమ్మాయికి వెంటనే వెలిగింది. "ఎదురెదురు భుజాల్లో పెట్టాం సార్."

సరిగ్గా అదే. పై గేజ్ +94, కింది గేజ్ −94. ఎదురెదురుగా పెడితే బ్రిడ్జి వాటిని కూడుతుంది, వచ్చేది సున్నా. ఎంత బరువు పెట్టినా సున్నాయే. గేజ్‌లు, గమ్, టంకం అన్నీ బాగున్నాయి కాబట్టే అంత శుభ్రమైన సున్నా వచ్చింది. గేజ్ తెగిపోయి ఉంటేనో, టంకం ఊడి ఉంటేనో ఇండికేటర్ అసలు బ్యాలెన్స్ అయ్యేది కాదు, అంకె ఒక చివరికి పరుగెత్తి అక్కడే ఉండిపోయేది. కదలని సున్నా, చివరికి పరుగెత్తిన అంకె వేర్వేరు జబ్బులు. మొదటిది వస్తే గేజ్ పీకకముందు భుజాలు చూడాలి.

కింది గేజ్ తీగలని పక్క భుజానికి మార్చారు. ఇప్పుడు రెసిస్టర్ పై గేజ్‌కి −571, కింది గేజ్‌కి +571 చూపించింది. కిలో బరువు పెడితే 94 నుంచి −94 తీసివేయడంతో 188 రావాలి. 185 వచ్చింది. ఆ మూడు ఎక్కడ పోయాయో కాసేపాగి చూద్దాం. ఈ రెట్టింపు సంగతి మాత్రం ఇప్పుడే చెప్పాలి. ఇది రెండు గేజ్‌ల మొత్తం. ఇండికేటర్‌కి మనం ఆ మాట చెప్పకపోతే అది దీన్నే పట్టీ స్ట్రెయిన్ అని చూపిస్తుంది. రికార్డులో అదే అంకె రాసి, దాన్ని 200 గిగాపాస్కల్స్‌తో గుణించి, స్ట్రెస్ రెట్టింపు వచ్చిందేమిటని ఆశ్చర్యపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

మరి ఎదురెదురుగా పెట్టడం ఎప్పుడూ తప్పేనా అంటే కాదు. ఇదే పట్టీని వంచకుండా రెండు వైపులా పట్టుకుని నిలువుగా లాగుతున్నామనుకోండి. ల్యాబ్‌లో లోహాలని లాగి పరీక్షించే యంత్రం, యూటీఎం మీద చేసే పరీక్ష ఇదే. గ్రిప్పులు ఎంత జాగ్రత్తగా బిగించినా పట్టీ కాస్త పక్కకి ఉండనే ఉంటుంది. దాంతో లాగుడుతోపాటు కొంచెం వంపు కూడా చేరుతుంది. లాగుడుకి రెండు వైపులా సాగుతాయి. వంపుకి ఒకవైపు సాగుతుంది, రెండోవైపు కుదించుకుపోతుంది. ఇక్కడ మనకి వంపు అక్కర్లేదు. గేజ్‌లని ఎదురెదురుగా పెడితే వంపు తనంతట తానే రద్దయి, లాగుడు మాత్రమే రెట్టింపై కనిపిస్తుంది. పక్కపక్కన పెడితే లాగుడు రద్దయి వంపు మిగులుతుంది. ఒకే పట్టీ, అవే రెండు గేజ్‌లు. ఒక తీగ మార్చితే ప్రశ్న మారిపోతుంది. ఆ పిల్లలు తెలియకుండా తమ పట్టీని "నిన్నెవరైనా నిలువుగా లాగుతున్నారా?" అని అడిగారు. అది నిజాయితీగా "లేదు" అని చెప్పింది.

ఇంక ఫ్యాన్ సంగతి. హైదరాబాద్‌లో ఈ ప్రయోగం చేసేవాళ్లకి బరువు కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేడి.

గేజ్ నుంచి ఇండికేటర్‌కి మూడు మీటర్ల సన్న రాగి తీగ వాడారు. వెళ్లేది, వచ్చేది కలిపితే ఆరు మీటర్లు, మొత్తం రెసిస్టెన్స్ సుమారు అర ఓమ్. ఆ తీగలు కిటికీ పక్కన ఎండలో పడి ఉన్నాయి. రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. తీగలు పది డిగ్రీలు వేడెక్కితే అర ఓమ్‌లో 0.0195 ఓమ్ పెరుగుతుంది. కిలో బరువుకి గేజ్‌లో వచ్చిన మార్పు 0.024 ఓమ్ అని ముందే చూశాం. బ్రిడ్జికి ఆ ఓమ్‌లు గేజ్‌లోవా తీగలోవా అన్నది తెలియదు. అదే భుజంలో ఉన్నదంతా దానికి గేజే. కాబట్టి అది దీన్ని 77 మైక్రోస్ట్రెయిన్‌గా చూపిస్తుంది. ఎవరూ ముట్టుకోని పట్టీ మీద దాదాపు 800 గ్రాముల బరువు పెట్టినట్టు. పైగా వాళ్ల గేజ్‌లు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి రెండు జతల తీగల వేడీ కూడుకుని ఇది రెట్టింపైంది. ఫ్యాన్ వేస్తే తీగలు చల్లబడి అంకె దిగుతోంది, ఆపితే ఎక్కుతోంది. పక్కపక్క భుజాలకి మార్చగానే ఆ కదలిక చాలావరకు పోయింది. రెండు జతల తీగలూ ఒకే పొడవు, ఒకే ఎండ. సమానంగా వేడెక్కిన రెండింటిని బ్రిడ్జి ఒకదానిలోంచి ఒకటి తీసివేసింది.

రెండు గేజ్‌లు అంటించే వీలున్నప్పుడు ఇది సులువు. ఒక్క గేజే ఉన్నప్పుడు, అంటే నాలుగు భుజాల్లో ఒకటే గేజ్, మిగతా మూడూ ఇండికేటర్ లోపలి రెసిస్టర్లు అయినప్పుడు, మూడు తీగల పద్ధతి వాడాలి. గేజ్ ఒక కొన నుంచి ఒక తీగ, రెండో కొన నుంచి రెండు తీగలు తెస్తారు. మొదటి కొన తీగ గేజ్ ఉన్న భుజంలో పడుతుంది. రెండో కొన నుంచి వచ్చిన తీగల్లో ఒకటి పక్క భుజంలో పడుతుంది. మూడోది వోల్టేజి చూడడానికి మాత్రమే వెళుతుంది, అందులో కరెంటు దాదాపు ఉండదు కాబట్టి దాని రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. ఇప్పుడు పక్కపక్క భుజాల్లో ఒక్కో తీగ ఉంది. రెండూ ఒకేలా వేడెక్కుతాయి, ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. ఒక్క తీగ ఎక్కువ లాగితే ఇంత పెద్ద తప్పు పోతుంది. అయినా చాలా చోట్ల రెండు తీగలతోనే కానిచ్చేస్తున్నారు, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. తీగలు ఒకే పొడవు ఉండాలి, కలిపి మెలివేయాలి. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంటే ఈ రద్దు జరగదు.

వేడి గేజ్‌నీ, పట్టీనీ కూడా తాకుతుంది. ఉక్కు డిగ్రీకి మీటరుకి సుమారు 11 మైక్రోమీటర్లు, అల్యూమినియం 23 మైక్రోమీటర్లు వ్యాకోచిస్తాయి. ఏ లోహానికి అంటిస్తామో దాని వ్యాకోచానికి సరిపోయేలా గేజ్ రేకుని తయారుచేస్తారు, ఆ లోహమేదో ప్యాకెట్ మీద ఉంటుంది. ఉక్కు కోసం చేసిన గేజ్‌ని అల్యూమినియం పట్టీకి అంటిస్తే పది డిగ్రీలకే 120 మైక్రోస్ట్రెయిన్ దొంగ అంకె వస్తుంది. కొనేటప్పుడు ఒక్కసారి చదివితే చాలు.

ఇప్పుడు ఆ పోయిన మూడు మైక్రోస్ట్రెయిన్‌ల మాట. ఇండికేటర్‌ని అనుమానించే ముందు పట్టీని మళ్లీ కొలవమన్నాను. స్కేలుతో 5 మిల్లీమీటర్లు అని రాసుకున్న మందాన్ని స్క్రూ గేజ్‌తో గేజ్ ఉన్న చోట చూస్తే 5.03 వచ్చింది. లెక్కలో మందం వర్గంలో వస్తుంది కాబట్టి 0.6 శాతం తేడా 1.2 శాతమైంది. 188 కాస్తా 186కి దిగింది. మిగిలిన ఒక్క అంకె గురించి ఈ ప్రయోగంలో చింత అక్కర్లేదు. దూరం విషయంలో మాత్రం చాలామంది పొరబడతారు. బరువు దగ్గర నుంచి క్లాంప్ దాకా కొలుస్తారు. కొలవాల్సింది గేజ్ మధ్య గీత దాకా. క్లాంప్ 15 మిల్లీమీటర్లు అవతల ఉంటే 200కి బదులు 215 పడుతుంది, అక్కడే ఏడున్నర శాతం తప్పు.

తర్వాత అర కిలో చొప్పున రెండు కిలోల దాకా పెంచి, అలాగే దించారు. ఎక్కేటప్పుడు 93, 185, 279, 371. దిగేటప్పుడు 280, 186, 93, చివర సున్నా బదులు 1. ఎక్కే అంకెలూ దిగే అంకెలూ ఇంత దగ్గరగా ఉంటే గేజ్ పట్టీకి బాగా అంటుకున్నట్టు. ఇది చూడకుండా ఒక్క కిలో దగ్గర ఒక్క అంకె రాసుకోవడం సరిపోదు, ఎందుకంటే గమ్ సంగతి తెలిపేది ఈ దిగే వరసే.

గమ్ గురించి ఇంకాస్త చెప్పాలి. నేను వాడిన 100 కిలో ఓమ్‌ల పరీక్షని షంట్ కాలిబ్రేషన్ అంటారు. అది గేజ్ కొనల నుంచి ఇండికేటర్ తెర దాకా కరెంటు దారంతా సరిగా ఉందని చెబుతుంది. గేజ్ ఫ్యాక్టర్ సెట్టింగ్‌ని ముందు బ్యాచ్ వాళ్లు ఎక్కడో వదిలేసి ఉంటే అది కూడా బయటపడుతుంది. కానీ ఉక్కుకీ రేకుకీ మధ్య ఏం జరుగుతోందో దానికి కనపడదు. గేజ్‌ని బల్ల మీద ఊరికే పడేసి ఈ పరీక్ష చేసినా −571 అనే చూపిస్తుంది. అందుకే షంట్ సరిగ్గా వచ్చింది కదా అని గమ్‌ని నమ్మకూడదు.

అంటించే పనిలో ఎక్కువ సమయం శుభ్రం చేయడానికే పోవాలి. ముందు అసిటోన్‌తో జిడ్డు తీయాలి. తర్వాత 320 నంబరు ఎమరీ పేపర్‌తో, గేజ్ గీతకి ఏటవాలుగా రెండు దిశల్లో రుద్దాలి. మరీ అద్దంలా నున్నగా ఉంటే గమ్ పట్టదు. గేజ్ ఎక్కడ కూర్చోవాలో గీతలు పెన్సిల్‌తో గీయాలి, సూదితో గీస్తే ఆ గాటు దగ్గర స్ట్రెయినే మారిపోతుంది. మళ్లీ అసిటోన్ తడిపిన దూదితో ఒకే దిశలో తుడవాలి. వాడిన దూదితోనే మళ్లీ తుడిస్తే తీసిన మురికిని తిరిగి రాసినట్టే. దూది తెల్లగా వచ్చేదాకా తుడవాల్సిందే, ఆ తర్వాత వేలు తగలకూడదు. గేజ్‌ని సెల్లో టేప్‌తో పైకి ఎత్తి, గీతల మీద సరిచూసుకుని, టేప్ ఒక పక్క మడిచి, సయనోఅక్రిలేట్ గమ్ ఒక్క చుక్క వేసి, టేప్ వెనక్కి వేసి బొటనవేలితో ఒక నిమిషం నొక్కి పట్టాలి. గమ్ ఎక్కువైతే బలం పెరగదు. పొర మందమై, ఉక్కు సాగుదల రేకుకి పూర్తిగా చేరదు.

ఎండాక ఒక చిన్న పరీక్ష ఉంది. ఇండికేటర్‌కి కలిపి, పెన్సిల్ రబ్బరుతో గేజ్ మీద మెల్లగా నొక్కి వదలాలి. నొక్కినప్పుడు అంకె కాస్త కదలొచ్చు. వదలగానే సున్నాకి తిరిగి రాకపోతే కింద గాలి బుడగ ఉన్నట్టు. వానాకాలంలో ఇంకో చిక్కు వస్తుంది. ఈ గమ్ తేమని లాక్కుంటుంది. అప్పుడు గేజ్‌కీ ఉక్కుకీ మధ్య ఇన్సులేషన్ తగ్గి, కరెంటు సన్నగా ఉక్కులోకి కారుతుంది, సున్నా రోజంతా మెల్లగా జారుతూ ఉంటుంది. జూలైలో అంటించిన గేజ్ మీద అదే రోజు సిలికాన్ రబ్బరు పూత వేయకపోతే వారం తర్వాత దాని మాట నమ్మలేం.

చివరిగా స్ట్రెస్ దగ్గరికి వద్దాం, అసలు కావాల్సింది అదే కదా. గేజ్ చెప్పేది స్ట్రెయిన్ మాత్రమే. రెండు గేజ్‌ల మొత్తం 185ని సగం చేసి, 200 గిగాపాస్కల్స్‌తో గుణిస్తే 18.5 మెగాపాస్కల్స్ వచ్చింది. ఈ పట్టీకి అది సరైనదే, ఎందుకంటే పట్టీ ఒక్క దిశలోనే సాగుతోంది. ప్రతి చోటా ఇలా గుణించకూడదు. లోపల ఒత్తిడి ఉన్న పల్చటి ఉక్కు సిలిండర్‌ని తీసుకోండి. దాని గోడ చుట్టూ తిరిగే దిశలో 100 మెగాపాస్కల్స్ ఉంటే, నిలువు దిశలో 50 ఉంటుంది. నిలువుగా లాగుతున్నప్పుడు గోడ చుట్టూ దిశలో కాస్త కుదించుకోవాలని చూస్తుంది. అందుకని చుట్టూ అంటించిన గేజ్ చూపేది 425 మైక్రోస్ట్రెయిన్ మాత్రమే. దాన్ని 200 గిగాపాస్కల్స్‌తో గుణిస్తే 85 వస్తుంది, నిజానికన్నా 15 శాతం తక్కువ. నిలువు గేజ్ 100 మైక్రోస్ట్రెయిన్ చూపుతుంది. దాన్ని అలాగే గుణిస్తే 50కి బదులు 20 వస్తుంది. రెండు తప్పులూ ప్రమాదం వైపే, ఉన్న స్ట్రెస్‌ని తక్కువ చేసి చూపిస్తాయి. సరైన లెక్కకి రెండు అంకెలూ కావాలి. ఒక దిశలో సాగితే అడ్డ దిశలో ఎంత కుదించుకుంటుందో చెప్పే పాయిజాన్ నిష్పత్తి v, యంగ్ గుణకం E అయితే:

```
stress1 = E / (1 − v²) × (e1 + v·e2)
        = 200 GPa / 0.91 × (425 + 0.3 × 100) × 1e-6 = 100 MPa
```

"అయితే సార్, ఆ రెండు గేజ్‌లనీ పక్కపక్క భుజాల్లో పెడదామా?" అని ఆ అబ్బాయి అడిగాడు. ఇందాకటి పట్టీ వైరింగ్ చేతిలో ఉంది కాబట్టి సహజంగానే అడిగాడు. అలా పెడితే తెర మీద 325 వస్తుంది. ఎదురెదురుగా పెడితే 525 వస్తుంది. ఏదో ఒక్క అంకె చేతిలో ఉంటే దాంట్లోంచి 425నీ 100నీ విడదీయలేం. ఇక్కడ బ్రిడ్జిని మనకోసం కూడనివ్వకూడదు, తీయనివ్వకూడదు. రెండు గేజ్‌లకి రెండు వేరు వేరు బ్రిడ్జిలు, ఒక్కోదానికి ఒకే గేజ్, ఒక్కో గేజ్‌కి మూడేసి తీగలు. మర్నాడు పొద్దున్న, ఎండ కిటికీ దాకా రాకముందే, ఇద్దరూ కలిసి ఆ ఆరు తీగలనీ ఒకే పొడవుకి కోసుకుంటూ కనిపించారు.